రివ్యూలు లేని కొత్త యాప్: ముందు టైటిల్ మార్చాలా, స్క్రీన్‌షాట్లా?

అందరికీ నమస్కారం. వేళకు మందులు వేసుకోమని గుర్తుచేసే చిన్న యాప్‌ను మూడు వారాల క్రితం ప్లే స్టోర్‌లో పెట్టాను. ఇంకా ఒక్క రివ్యూ కూడా రాలేదు. ఇప్పటిదాకా పేజీ చూసింది 140 మంది, ఇన్‌స్టాల్ చేసుకున్నది 9 మంది. ఆ తొమ్మిది మందిలో చాలామంది నాకు తెలిసినవాళ్లే.

టైటిల్‌లో నేను పెట్టుకున్న పేరు మాత్రమే ఉంది. అది విని ఇది మందుల యాప్ అని ఎవరూ అనుకోరు. టైటిల్‌కు 30 అక్షరాలే ఇస్తారు కాబట్టి పేరు పక్కన 'మాత్రల రిమైండర్' అని చేర్చాలనుకుంటున్నాను. ప్లే స్టోర్‌లో కీవర్డ్‌లకు వేరే గడి లేదు కదా, అదే మాటను 80 అక్షరాల చిన్న వివరణలోనూ వాడాలా, లేక అక్కడ 'బీపీ మందులు', 'షుగర్ మాత్రలు' లాంటి వేరే మాటలు పెడితే మేలా?

నాకు ఎక్కువ అనుమానం స్క్రీన్‌షాట్ల మీదే. మొదటిది లాగిన్ పేజీ. రివ్యూలు లేనప్పుడు నమ్మకం కలిగించాల్సింది ఆ బొమ్మలే, వాటిలో మొదటిదే దేనికీ పనికిరానిది! దాని బదులు అలారం మోగుతున్న తెర పెట్టి, పైన 'రాత్రి మాత్ర మరిచిపోరు' అని పెద్ద అక్షరాల్లో రాయాలని ఉంది. ఐకాన్‌లో గడియారం, మాత్ర, గంట మూడూ ఉన్నాయి. చిన్నగా చూస్తే ఏదీ తెలియడం లేదు, మాత్ర ఒక్కటే ఉంచుతాను.

ఇంత తక్కువ మందితో ఏ/బీ పరీక్ష పెడితే ఫలితం తేలదనిపిస్తోంది. అన్నీ ఒకేసారి మార్చేయనా, ఒక్కొక్కటీ మార్చి రెండేసి వారాలు చూడనా? ఇలా మొదలుపెట్టినవాళ్లు మీ అనుభవం చెప్పగలరా?