అప్‌డేట్: "ముందు" కొలతలు లేని కేస్ స్టడీ పూర్తయింది

నా ప్రశ్న: ఆఫీస్ ఇంటీరియర్ పని అయిపోయింది, క్లయింట్‌కి నచ్చింది. కానీ పనికి ముందు మేమేమీ కొలవలేదు. కేస్ స్టడీలో ఫలితాన్ని అంకెల్లో ఎలా చూపించాలి?

అంకెలు క్లయింట్ దగ్గరే దొరికాయి, మీటింగ్ రూమ్ బుకింగ్ క్యాలెండర్‌లో. "రూములు చాలట్లేదు" అన్నది వాళ్ల ఫిర్యాదు. పనికి ముందు నాలుగు వారాల రికార్డు తీస్తే, ఎనిమిది మంది పట్టే గదుల బుకింగ్‌లలో 62 శాతం ఒక్కరికో ఇద్దరికో, అదీ ఫోన్ కాల్స్ కోసం! అంటే కొరత గదులది కాదు, చిన్న గదులది. సమస్య పేరాను ఈ అంకెతోనే మొదలుపెట్టాను. ఒక పెద్ద గదిని మూడు కాల్ రూములుగా ఎందుకు విడగొట్టామో ఇక వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

ఫలితం దగ్గర మాత్రం బోల్తా పడబోయాను. "మొత్తం బుకింగ్‌లు తగ్గాయి" అని రాసేశాక గుర్తొచ్చింది, పని అయ్యాక నేను లెక్క తీసిన నెలలో సగం మంది సెలవుల్లో ఉన్నారని. అందుకే సెలవులు అయ్యాక మరో నాలుగు వారాలు ఆగి, మొత్తం బదులు శాతమే పోల్చాను. 62 కాస్తా 17 అయింది. "ఉత్పాదకత పెరిగింది" అన్న వాక్యం కొట్టేశాను, దానికి నా దగ్గర రుజువు లేదు. క్లయింట్ అంకెలకు ఓకే చెప్పారు, పేరు మాత్రం వద్దన్నారు.