24 లక్షలు ఒకేసారి తీసుకోవాలా, నెలకు 14,800 పెన్షనా?

మాది కడప. మా నాన్నకు 60 ఏళ్లు, వచ్చే నెల ఎర్రగుంట్ల దగ్గర ఫ్యాక్టరీలో రిటైర్ అవుతున్నారు. అమ్మకు 54. కంపెనీ రెండు దారులు చూపించింది. ఒకటి, పన్ను పోను 24 లక్షలు చేతికి. రెండోది నెలకు 14,800, నాన్న తర్వాత అమ్మకూ అంతే, ఆమె ఉన్నంతకాలం. అసలు మాత్రం మాకు తిరిగి రాదు, పెన్షన్ కూడా ఎప్పటికీ పెరగదు.

నేను వేసిన లెక్క ఇది. 24 లక్షలను 7 శాతం వడ్డీకి పెట్టి నెలకు 14,800 తీసుకుంటే దాదాపు 42 ఏళ్లు వస్తుంది. అదే వడ్డీ 6 శాతమైతే 28 ఏళ్లకే, అంటే అమ్మకు 82 వచ్చేసరికి అయిపోతుంది. ఒక్క శాతానికే ఇంత తేడానా అని నాకే టెన్షన్ పట్టుకుంది.

సీనియర్ సిటిజన్ స్కీములో 8.2 శాతానికి వేస్తే మూడు నెలలకు 49,200 వస్తుంది, అసలు కదలదు. కానీ ఆ రేటు ఐదేళ్లకే ఖాయం. నాన్నేమో "నెలనెలా పడితే చాలురా, లక్షలు చేతిలో ఉంటే చుట్టాలు అప్పుకొస్తారు" అంటున్నాడు. అదీ నిజమే.

ఐదేళ్ల తర్వాత వడ్డీ ఎంత ఉంటుందనుకుని లెక్క వేయాలి? అప్పుడు 65 ఏళ్ల వయసులో పెన్షన్ కొనుక్కోవడం మేలా? ఇలా చేసినవాళ్లు ఉంటే చెప్పండి.