ఒక్క 🙏 పెడితే నమస్కారం పెట్టినట్టేనా?

కొత్త_అద్దె: అరవై దాటిన ఇంటి యజమానికి మొదటిసారి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాలి. 🙏 ఒక్కటి పెడితే సరిపోతుందా? 'నమస్తే' స్టిక్కరో, వాయిస్ మెసేజో పెడితే మరీ చనువు తీసుకున్నట్టుంటుందా?

తాళపత్రం: మొదటి మెసేజ్‌కి ఈ మూడింట్లో ఏదీ ఒంటరిగా వద్దండి. ఆయన ఫోన్లో మీ నంబరు సేవ్ అయి ఉండదు. స్టిక్కర్ మీద "నమస్తే" అని ఎంత పెద్దగా రాసున్నా, నోటిఫికేషన్‌లో Sticker అనే పడుతుంది. వాయిస్ పెడితే Voice message అనీ, పక్కన నిడివీ కనిపిస్తాయి. 🙏 ఒక్కటే అయితే బొమ్మ కనిపిస్తుంది గానీ ఎవరో, ఎందుకో తెలియదు. అంతా ఒకే మెసేజ్‌లో ఇలా రాయండి:

"నమస్కారం రావు గారూ. రెండో అంతస్తు వాటా గురించి నిన్న ఫోన్ చేసిన సుధని. రేపు పదింటికి చూడ్డానికి రావచ్చా అండీ? 🙏"

"నమస్కారం" అని ఒకటి పంపి, జవాబు వచ్చాక పని చెబుదామని ఆగకండి. ఒక్క పనికి ఆయన రెండుసార్లు ఫోన్ తీయాల్సొస్తుంది.

రేడియో_రమణ: 🙏 అసలు నమస్కారమే కాదు. ఇద్దరు అరచేతులు కొట్టుకునే హై-ఫైవ్ అది. పెద్దవాళ్లకి పెట్టకూడదు.

తాళపత్రం: కాదు రమణ గారూ. 2010లో, ఫోన్లన్నీ వాడే అక్షరాల పట్టిక యూనికోడ్ 6.0లో చేర్చినప్పుడు దానికి పెట్టిన పేరే 'చేతులు జోడించిన మనిషి'. అంతకుముందు జపాన్ ఫోన్లలో ఉండేది. అక్కడ 'దయచేసి' అనడానికీ, కృతజ్ఞతకీ వాడతారు. అయితే మీ మాటలో ఒక నిజం ఉంది, దానికి ఒక్క అర్థం లేదు. మన గ్రూపుల్లో చావు కబురు కింద 'ఓం శాంతి' పక్కన పెట్టేదీ అదే, 'దండం పెడతా, ఇక ఆపండి' అనడానికి పెట్టేదీ అదే. పక్కన మాట లేకపోతే ఏ అర్థమో చూసేవాళ్లే తేల్చుకోవాలి.

రేడియో_రమణ: జపాన్ సంగతి మనకెందుకు? నాకు హై-ఫైవ్‌లాగే కనిపిస్తుంది.

గోదారిగట్టు: మా చుట్టాల గ్రూపులో తెల్లారేసరికి నలభై గుడ్ మార్నింగులు. స్టిక్కర్లతో ఫోన్ నిండిపోతోంది, ముందు దీన్ని ఎవరైనా ఆపండి.

సుబ్బలక్ష్మి_కె: ఆయన అడిగింది అది కాదు బాబూ. అయినా నింపేది స్టిక్కర్లు కాదు, కదలని స్టిక్కరు 100 కేబీ లోపే ఉంటుంది. పువ్వుల ఫొటోలు, వీడియోలు నింపుతాయి. సెట్టింగ్స్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపెయ్యి.

ఓరుగల్లు_పిల్ల: అందరు టైపింగ్ వచ్చినోళ్ల లెక్కనే మాట్లాడుతున్నరు. తెలుగు కీబోర్డు మీద ఒత్తులు కొట్టరానోళ్లు ఏం జెయ్యాలె? వాయిస్ పెడితే గొంతులనే మర్యాద తెలుస్తది.

సుబ్బలక్ష్మి_కె: తెలుస్తుందమ్మా, వింటే. వినడానికి అవతలివాళ్లకి చోటు కావాలి. బస్సులో నొక్కితే స్పీకర్లో మోగుతుంది. ఫోన్ చెవికి ఆనిస్తే మామూలు కాల్‌లాగా వినిపిస్తుందని చాలామందికి తెలియదు. పైగా "హలో... ఆఁ... బాగున్నారా అండీ" అంటూనే ఇరవై సెకన్లు పోతాయి. వాయిస్సే పంపాలంటే ముందు ఒక లైను రాసి, ఆ తర్వాత అర నిమిషం లోపు మాట్లాడాలి. మైకు నొక్కి పైకి జరిపితే లాక్ అవుతుంది. పంపే ముందు ఆపి ఒకసారి వినాలి, ఫ్యాను చప్పుడే వినిపిస్తుంటే చెరిపేసి మళ్లీ చెప్పాలి.

ఓరుగల్లు_పిల్ల: ముందు ఒక లైను రాయాల్నా? రాయరాకనే గద వాయిస్ పెట్టేది!

తాళపత్రం: ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసినా చాలండి. 'గారు' ఉంటే చాలు.

ఓరుగల్లు_పిల్ల: గారు, గారు! గారు అనకుంటే మర్యాద లేనట్టేనా? మా దిక్కు "నమస్తే సార్" అంటం, "నమస్తే అన్నా" అంటం. గారు పెట్టలేదని ఒకాయన నాకు జవాబే ఇయ్యలేదు. గందుకే నాకు 🙏 మంచిగనిపిస్తది. వరస తెల్వదు, వయసు తెల్వదు, మీరు అనాల్నో నువ్వు అనాల్నో తెల్వదు. దండం బొమ్మ పెడితే ఎవ్వరికీ తక్కువ గాదు.

తాళపత్రం: ఇప్పుడు అసలు మాట దగ్గరికొచ్చాం. నాకు అభ్యంతరం 'గారు' మీద కాదు, 'సార్' అన్నా, 'అన్న' అన్నా పిలుపే. బొమ్మలో పిలుపు ఉండదు. అదే బొమ్మని యాభైమందికి ఫార్వర్డ్ చేయొచ్చు, తనకే చెప్పారని ఆయనకెలా తెలుస్తుంది? పిలవకుండా పెట్టిన దండం నా లెక్కలో సగమే.

ఓరుగల్లు_పిల్ల: తప్పు పిలుపు కన్నా సగం దండమే నయం.

కొత్త_అద్దె: తాళపత్రం గారు చెప్పినట్టే రాసి పంపాను. ఆయన జవాబు రాయలేదు, నా మెసేజ్‌కి 🙏 రియాక్షన్ పెట్టారు. పదింటికి రమ్మన్నట్టేనా?

రేడియో_రమణ: రమ్మన్నట్టే, వెళ్లండి.

సుబ్బలక్ష్మి_కె: వెళ్లొద్దు. చూశానని, నీ నమస్కారం అందిందని అర్థం, అంతే. పదింటి సంగతి ఆయనేమీ చెప్పలేదు. తొమ్మిదింటికి ఫోన్ చేసి అడుగు.