అప్‌డేట్: రోజువారీ అమ్మకాల తేడా ఎక్కడుందో దొరికింది

నా ప్రశ్న: డ్యాష్‌బోర్డ్ రిఫ్రెష్‌ని మైఎస్‌క్యూఎల్ నుంచి బిగ్‌క్వెరీకి మారుస్తున్నాం. రెండూ పక్కపక్కనే నడుపుతుంటే నెల మొత్తం దాదాపు సరిపోతోంది, రోజువారీ అంకెలు కలవడం లేదు. ఎక్కడ వెతకాలి?

మీరు చెప్పినట్టే మొత్తాలు పక్కనపెట్టి, తేడా ఉన్న ఒక్క రోజు తీసుకుని ఆర్డర్ నంబర్ల వారీగా రెండు వైపులా కలిపి చూశాను. ఒక్క ఆర్డర్ కూడా పోలేదండీ! అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున 5:30 లోపు వచ్చినవన్నీ కొత్తదాంట్లో ముందు రోజు లెక్కలో పడుతున్నాయి. పాత సర్వర్ మన టైమ్‌లో నడుస్తోంది. బిగ్‌క్వెరీలో టైమ్‌జోన్ ఇవ్వకపోతే టైమ్‌స్టాంప్ నుంచి తేదీని యూటీసీ ప్రకారం తీస్తుంది. ఇలా మార్చాను:

```sql
DATE(created_at, 'Asia/Kolkata')
```

ఇప్పుడు పైసాతో సహా కలుస్తోంది. ఇంకా లోడ్ అవుతూ ఉండే ఈరోజు డేటాని మాత్రం పోలికలోంచి తీసేశాను. నెలాఖరు లెక్క కూడా రెండింట్లో కలిశాకే పాత షెడ్యూల్ ఆపుతాను.