ఇస్పేటాసు నడుమ పడితె "తెగుతది" అన్నదా, "తేలుతది" అన్నదా?

సుజాత, కాజీపేట:
మా చిన్నమ్మ పేకముక్కలు పరిచి ప్రేమ, పెండ్లి సంగతులు చెప్పేది. రైల్వే క్వార్టర్లల్ల పక్కింటి ఆంగ్లో ఇండియన్ ఆంటీ దగ్గర నేర్చుకున్నది. ముక్కలు తిప్పుకుంట ఒక మాట అనేది: "ఇస్పేటాసు నడుమ పడితె తె... తది, ఆఠీను పక్కనుంటె నిలుస్తది." ఆ మొదటి సగంల ఏమన్నదో పట్టు దొరుకుతలేదు. మా అక్క "తెగుతది" అంటది, అంటె జంట విడిపోతదని. నాకేమో "తేలుతది" అన్నట్టే యాదికున్నది. ఎవరన్న విన్నరా?

శ్రావణ్:
తెగుతదే అక్కా, అనుమానమే లేదు. ఇస్పేటాసు అంటెనే చావు ముక్క. వియత్నాం యుద్ధంల అమెరికా సిపాయిలు శవాల మీద ఆ ముక్క పెట్టి పోయేటోళ్లు. ఇంగ్లండ్‌ల పేకల మీది పన్ను ముద్ర ఆ ముక్క మీదనే ఉండేది. దాన్ని దొంగచాటుగ అచ్చు కొట్టినందుకు 1805ల రిచర్డ్ హార్డింగ్ అనేటాయనను ఉరి తీసిన్రు.

మల్లేశం:
భద్రకాళి గుడి తొవ్వల చిలక జోస్యం చెప్పెటాయన కూడ గిట్లనే ముక్కలు తీపిస్తడు. నాకు ఒకసారి వెంకన్న బొమ్మ వచ్చింది. ఇస్పేటు మాత్రం ఎన్నడు రాలేదు.

విమల, హన్మకొండ:
మల్లేశం అన్నా, చిలక తీసే అట్టలు దేవుళ్ల బొమ్మలవి. వాటికీ పేకముక్కలకు సంబంధం లేదు.

శ్రావణ్, నువ్వు చెప్పిన ఉరి నిజం. కాని ఆ ముక్క మీద అంత నగిషీ ఎందుకుంటదో దానితోని తెలుస్తది గని, జోస్యంల దాని అర్థం తెల్వది. ఇంగ్లీషు పాత జోస్యం చిట్టిపుస్తకాలల్ల కొన్నిట్ల ఇస్పేటాసును పూర్తిగ ప్రేమ వ్యవహారానికే కట్టిన్రు, అది లోకం మెచ్చేదా మెచ్చనిదా అన్నది మాత్రం చెప్పకుంట. టారో అనే జోస్యం పేకల దీని జోడు కత్తుల ఆసు. టారో మీద రాసిన 1911 పుస్తకంల వెయిట్ అనేటాయన దాన్ని ప్రేమల గని, ద్వేషంల గని మస్తు బలమున్న ముక్క అన్నడు. తలకిందులైతె ఫలితం చెడుతదని ఒక లెక్క, గర్భం, కాన్పు అని ఇంకో లెక్క రెండూ రాసిండు. కాన్పు చెప్పే ముక్కను ముగింపు అని ఒక్క మాటల ఎట్ల కొట్టిపడేస్తం?

ఇస్పేట్లల్ల భయపడాల్సింది తొమ్మిది. ఆసు వరుసల మొదటి ముక్క, కత్తి అప్పుడే ఒరల నుంచి బయటికొచ్చినట్టు. అప్పటిదాక మూతపడ్డ మాట బయటపడుతది. దాని తర్వాత జంట నిలుస్తదా లేదా అన్నది పక్క ముక్కల మీదున్నది.

రాజయ్య సారు:
విమలమ్మా, జోస్యం నాకు తెల్వది. "తెగు" సంగతి మాత్రం చెప్పనియ్యి. తాడు తెగుతది, బేరం తెగుతది, పంచాయితి తెగుతది. తాడు తెగితె పోయినట్టు. బేరం తెగితె కుదిరినట్టు! "రేపటికి పంచాయితి తెగాలె" అన్నోడు ఊరు ఇడిపోవాలెనని కోరుకుంటలేడు గద. కాబట్టి చిన్నమ్మ తెగుతదనే అన్నదనుకున్నా, విడిపోతదనే అర్థం రాదు. తెగటారు అంటె చచ్చుడు, తెగువ అంటె ధైర్యం, రెండూ ఆ మొదలు నుంచే.

యాకూబ్ భాయ్:
సార్, మా ఇంట్ల ఇస్పేటు అనరు, హుకుం అంటరు. హుకుం కా ఎక్కా. హుకుం అంటె ఆర్డర్. ఆర్డరొస్తె పని మొదలైనట్టు. నా ఓటు విమలక్కకే.

కవిత:
నా సంగతి చెప్త. నిశ్చితార్థానికి ముందు మా స్నేహితురాలు ఒకే ఒక్క ముక్క తీపిచ్చింది, ఇస్పేటాసు వచ్చింది. రాత్రంత ఏడ్చిన. తెల్లారి ఆయనకు ఫోన్ చేసి, ఉద్యోగానికి దుబాయ్ పోతవని విన్న, నిజమేనా అని అడిగిన. నిజమేనన్నడు. చెప్పనందుకు కొట్లాడినం. పెండ్లి అయింది, ఆయన పోలేదు. ఇది తెగుడా, తేలుడా?

విమల:
కవితా, ఒక్క ముక్కతోని అవునా కాదా అని అడుగుడే తప్పు పద్ధతి. మూడన్న పరవాలె. సుజాత వాళ్ల చిన్నమ్మ "నడుమ" అన్నది చూడున్రి, ఆ మాట ఉట్టిగ రాలేదు. ఎడమ దిక్కుది జరిగింది, నడుమది ఇప్పటి మలుపు, కుడి దిక్కుది పోయే తొవ్వ.

ఒక అమ్మాయి "ఇంట్ల చెప్తడా లేదా" అని అడిగిందనుకుందాం. ఎడమకు ఆఠీను తొమ్మిది, నడుమ ఇస్పేటాసు, కుడికి డైమను ఆసు. ఆఠీను తొమ్మిది కోరిక ముక్క. డైమను ఆసు ఉత్తరమో ఉంగరమో. అప్పుడు చదువుడు ఇట్ల: మనసుల శాన దినాలుగ పెట్టుకున్న కోరిక, దాచిన మాట ఒక్కసారి బయటపడుడు, వెనుక కబురు. నొప్పి ఉంటది, కాని బంధం పోదు. అదే కుడికి ఇస్పేటు తొమ్మిది పడితె నేను ఆ అమ్మాయికి తీపి మాటలు చెప్పను. నడుమ ముక్క మారలేదు, అర్థం మారింది.

ఇంకోటి, ముక్క కొస ఎటు చూస్తున్నదో చూడాలె. ఇస్పేటుకు కొస ఉన్నది కాబట్టి ఆసు నిలువుగ పడ్డదా తలకిందులైందా తెలుస్తది. డైమను ఆసు ఎట్ల తిప్పినా ఒక్కతీరే, అందుకే ఆ తేడా పట్టేటోళ్లు మూలకు పెన్సిలు చుక్క పెట్టుకుంటరు. కలిపేటప్పుడు కట్టను సగం తిప్పకపోతె అన్నీ ఒకే దిక్కు పడుతయి, అప్పుడు తలకిందుల లెక్కే ఉండదు. ఏ నెలల, ఏ తారీఖున అని అడిగితె ఈ ముక్క చెప్పదు.

శ్రావణ్:
సరే అక్కా, కాని మాట మాటే గద. ప్రాస చూడున్రి. రెండో సగంల "నిలుస్తది", రెండో అక్షరం ల. "తేలుతది"ల కూడ ల. సుజాతక్క విన్నదే కరెక్టయితదేమో.

రాజయ్య సారు:
ఇందాక తెగుతదేనంటివి, ఇప్పుడు ప్రాస పట్టుకుని ఇటొచ్చినవు. ప్రాసకు అక్షరం ఒక్కటే సాలదు నాయనా, మొదటి అక్షరం కూడ సరితూగాలె. "తే" గురువు, "ని" లఘువు. "తెగు"ల "తె" లఘువే. నా లెక్కన తెగుతదికే బలం.

యాకూబ్ భాయ్:
సార్, చిన్నమ్మ ఛందస్సు చదివి చెప్పిందా?

రాజయ్య సారు:
చదవకున్నా నోట్ల ఉంటది. మడికొండ కాజీపేట పక్కనే గద, కాళోజీ పెరిగిన ఊరు. తల్లి కన్నడం, తండ్రి మరాఠీ, అయినా మన యాసకు నిలబడ్డడు. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9 మనకు భాషా దినం. "నా గొడవ"ల ఏ పేజీ తీసినా జనం నోట్లె మాట ఎట్లున్నదో అట్లనే ఉంటది, బడి పంతులు దిద్దినట్టు ఉండదు. చిన్నమ్మ మాటను కూడ మనం దిద్దకూడదు. అయితె ఏమన్నదో ముందు తెలువాలె.

మల్లేశం:
కాళోజీ గారి గొంతు రేడియోల విన్న. ఆహా.

కవిత:
సార్, ఇంకోటి. "తెలుస్తది" అయ్యుంటదా? తెలుస్తది, నిలుస్తది. తె లఘువే, ల ఉన్నది, చివర కూడ కలుస్తున్నది. అర్థం కూడ కుదురుతది: ఇస్పేటాసు పడితె సంగతి తెలుస్తది. నాకైతె అట్లనే జరిగింది.

విమల:
కవితా, ముక్క చేసే పని అదే. కాని తెలుసుడుల కత్తి లేదు. చిన్నమ్మ ఆ ఆంటీ దగ్గర నేర్చుకున్నదంటె కత్తి సంగతి తెలువకుంట ఉండదు. నేను తెగుతది దిక్కే.

సుజాత:
"తెలుస్తది" అంటె చిన్నమ్మ నోట్లె స్త గట్టిగ వినపడాలె, నాకు అది యాదికి లేదు. నాకు యాదికున్నది లు ఒక్కటే. మా అక్కను మళ్లొకసారి అడుగుత, ఆమె గు అంటదని తెలుసు.

రాజయ్య సారు:
అడుగమ్మా. అట్లనే, చిన్నమ్మ "నిలుస్తది" అన్నదా, "నిలుత్తది" అన్నదా అది కూడ అడుగు. మానుకోట దిక్కు వాళ్లయితె నిలుత్తది అంటరు. అప్పుడు స్త వినపడలేదన్న మాట అటూ ఇటూ అయితది.