హైడ్రోజన్ కారు కోసం ఆగాలా?

క్లాక్‌టవర్ శీను: నల్గొండ నుంచి హైదరాబాద్‌కు వారంలో నాలుగైదు రోజులు కారులో పోయి వస్తా. ఐదు నిమిషాల్లో నిండే హైడ్రోజన్ కార్లు వస్తాయంటున్నారు. ఆగాలా, బ్యాటరీ కారు తీసుకోవాలా, పెట్రోల్‌తోనే నడపాలా?

రిటైర్డ్ ఏఈ: ఆగకండి. రానుపోను 200 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు 18 వచ్చే పెట్రోల్ కారుకు 11 లీటర్లు, అంటే దగ్గర దగ్గర 1,200 రూపాయలు. బ్యాటరీ కారుకు నష్టాలతో కలిపి 35 యూనిట్లు. ఇంట్లో ఎక్కిస్తే 300 చుట్టూ. హైడ్రోజన్ అయితే రెండు కిలోలు కావాలి. నీళ్ల నుంచి కిలో తీయడానికే 55 యూనిట్ల దాకా పడుతుంది, దాన్ని నొక్కి నింపడానికి ఇంకొంత. అంటే అదే దారికి 110 యూనిట్ల పైనే. ప్లాంటు, రవాణా ఖర్చులు నేను ఇంకా కలపనేలేదు.

జడ్చర్ల భయ్యా: లెక్కలు పక్కన పెట్టండి సార్. 2022లో గడ్కరీ గారు హైడ్రోజన్ కారులోనే పార్లమెంటుకు పోయారు. ఐదు నిమిషాలకు ఫుల్ ట్యాంక్. మీ ఈవీ నిండుతుందా?

నకిరేకల్ లక్ష్మి: మొన్న హైవే మీద చార్జింగ్ పాయింట్ యాప్‌లో `Available` అని చూసి పోతే ఒక గన్ పాడైంది, రెండోదానికి క్యాబ్ తగిలించి ఉంది. డ్రైవర్ టిఫిన్‌కు పోయాడు. పిల్లలతో ఎండలో కూర్చున్నాం.

రిటైర్డ్ ఏఈ: భయ్యా, ఆ ఐదు నిమిషాలు నిజమే, ముందు వచ్చిన కార్లకు. గ్యాస్‌ను మైనస్ 40 దాకా చల్లార్చి 700 బార్ ఒత్తిడితో ఎక్కిస్తారు. వరసగా కొన్ని కార్లు నింపితే బంకు ట్యాంకుల్లో ఒత్తిడి పడిపోతుంది, కంప్రెసర్ మళ్లీ ఎక్కించేదాకా తర్వాతివాడు ఆగాలి. గాలిలో తేమ ఉంటే నాజిల్ మంచు పట్టి కారుకే అతుక్కుంటుంది, లాగితే రాదు. కాలిఫోర్నియాలో 2024లో షెల్ తన కార్ల హైడ్రోజన్ బంకులు మూసేసింది. అక్కడ చాలాచోట్ల కిలో 36 డాలర్లకు చేరింది. శీను గారి ఒక్కరోజు దారికి ఆరు వేలు!

జడ్చర్ల భయ్యా: అమెరికా సంగతి నాకెందుకు? మీకు సొంతిల్లు, సొంత మీటరు. నేను అద్దెకు మూడో అంతస్తులో ఉంటా. కింద చార్జర్ పెడతానంటే ఓనర్ "బిల్డింగ్ తగలబెడతావా" అన్నాడు. మీ 300 లెక్క ఎవరికి?

నకిరేకల్ లక్ష్మి: ఇదీ అసలు మాట. ఇంత లొల్లి దీని గురించేనా!

రిటైర్డ్ ఏఈ: బయట ఫాస్ట్ చార్జర్‌లో యూనిట్ 20 పైన వేసుకున్నా 700 దాటి కొంచెం. పెట్రోల్ కంటే తక్కువే, టైమే పోతుంది. మీ ఓనర్ గొడవకు హైడ్రోజన్ జవాబు కాదు. మనం షోరూంకు పోయి కొనే కారూ లేదు, నల్గొండ దారిలో బంకూ లేదు.

జడ్చర్ల భయ్యా: సీఎన్‌జీ కూడా ఒకప్పుడు లేదు సార్.

క్లాక్‌టవర్ శీను: మాది సొంతిల్లే. కానీ కారు గల్లీలోకి రాదు, చివర వేపచెట్టు కింద పెడతా.

నకిరేకల్ లక్ష్మి: ముందే చెప్పాలి కదా అన్నా! అక్కడిదాకా వైరు లాగుతారా?

రిటైర్డ్ ఏఈ: ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం వద్దు, గంటల తరబడి లోడు పడితే ప్లగ్ కరుగుతుంది. హైదరాబాద్‌లో పగలంతా కారు ఎక్కడ ఆపుతారు? అక్కడ పాయింట్ ఉందా?