ముఖం తిప్పి చిన్నది చేస్తే, లాంజోస్ పెట్టినా వెంట్రుకలు తెగిపోతున్నాయి

ఏడురోడ్ల కుర్రోడు (కడప):
ఒకాయన వాళ్ల అవ్వవి, తాతవి వేర్వేరు పాత ఫోటోలు తెచ్చిచ్చినాడు. ఇద్దరినీ ఒకే ఫ్రేములో పక్కపక్కన పెట్టివ్వాలి, ఆదివారం సంవత్సరికం. అవ్వ తల ఒక పక్కకు వాలి ఉంది. తిప్పాలి, తాత ముఖం సైజుకు చిన్నది చేయాలి. పైథాన్‌లో `cv2.warpAffine` తో ఒకేసారి రెండూ చేసినా, `INTER_LANCZOS4` పెట్టినా. నెరిసిన వెంట్రుకలు చుక్కలు చుక్కలుగా తెగినాయి. చీర అంచులో అసలు ఫోటోలో లేని వంకర గీతలు వచ్చినాయి. లాంజోస్ కంటే మంచిది ఇంకేముంది?

బురుజు స్టూడియో (కర్నూలు):
లాంజోస్ కంటే మంచిది లేదు తమ్ముడూ. ఇరవై ఏళ్లుగా చూస్తున్నా. నియరెస్ట్ పెడితే మెట్లు మెట్లుగా వస్తుంది, లీనియర్ పెడితే మైనం పూసినట్టు అవుతుంది, బైక్యూబిక్ ఫర్వాలేదు, లాంజోస్ అన్నిటికంటే పదును. ఒకేసారి చేయడం కూడా కరెక్టే. కొందరు ముందు తిప్పి, చూసుకుని, మళ్లీ కొంచెం తిప్పి, తర్వాత చిన్నది చేస్తారు. తిప్పిన ప్రతిసారీ ఫోటో కొంచెం మెత్తబడుతుంది. నువ్వు చేసింది తప్పు కాదు. స్కానులోనే ఏదో ఉంది, చూసుకో.

ఏడురోడ్ల కుర్రోడు (కడప):
స్కాను బాగుందన్నా. బ్లాక్ అండ్ వైట్ ప్రింటు, 1200 డీపీఐలో తీసినా. 3600 × 4800 పిక్సెళ్లు. వంద శాతం జూమ్‌లో ఒక్కో వెంట్రుక కనిపిస్తోంది. కళ్ల మధ్యలు గుర్తు పెట్టుకున్నా: ఎడమ పక్కది (2140, 1962), కుడి పక్కది (2900, 1868). కొత్త ఫ్రేములో రెండు కళ్ల మధ్య 190 పిక్సెళ్లు రావాలి.

గుత్తి రోడ్డు ఫ్లెక్స్:
నాదీ ఇదే బాధ. వాట్సాప్‌లో పంపిన పెళ్లికొడుకు ఫోటోను బ్యానరుకు పెంచితే ముఖమంతా గళ్లు గళ్లుగా వచ్చింది. లాంజోస్ పెడితే గళ్లు ఇంకా కొట్టొచ్చినట్టు కనపడినాయి. ఏ ఆప్షన్ నొక్కాలి?

పెన్న ఇసుక (అనంతపురం):
ఫ్లెక్స్ అన్నా, మీది పెంచే పని, ఈయనది తగ్గించే పని. రెండింటికీ మందు వేరు. మీ ఫోటోలో గళ్లు జేపెగ్ పెట్టినవి. లాంజోస్ అంచులకు పదును పెడుతుంది కాబట్టి ఆ గళ్ల అంచులకూ పెడుతుంది. మెత్తటి బైక్యూబిక్‌తో పెంచుకోండి, లేదా పెళ్లికొడుకును అసలు ఫైలు అడగండి. ఫోటోలో లేని వెంట్రుకను ఏ పద్ధతీ తేలేదు.

ఇంక కుర్రోడి సంగతి. లెక్క వేద్దాం. కళ్ల మధ్య అడ్డంగా 760, నిలువుగా 94. అంటే వాలు 7.05 డిగ్రీలు, దూరం దాదాపు 766 పిక్సెళ్లు. అది 190 కావాలంటే 0.248కి తగ్గించాలి, సుమారు నాలుగో వంతు. అసలు చిక్కు ఈ నాలుగో వంతులోనే ఉంది, తిప్పడంలో కాదు.

నాలుగో వంతుకు తగ్గిస్తే ఒక్కో కొత్త పిక్సెల్ పాత ఫోటోలో నాలుగు అడ్డం, నాలుగు నిలువు, మొత్తం పదహారు పిక్సెళ్ల తరఫున మాట్లాడాలి. `warpAffine` అలా చేయదు. కొత్త పిక్సెల్ పాత ఫోటోలో ఎక్కడ పడుతుందో చూసుకుని, ఆ చోటు చుట్టూ 8 × 8 పిక్సెళ్లు తీసుకుంటుంది. అరవై నాలుగు తీసుకుంటోంది కదా అనిపిస్తుంది. కానీ బరువంతా నడిమధ్య ఒకటి రెండు పిక్సెళ్ల మీదే ఉంటుంది. నువ్వు రెట్టింపు చేసినా, నాలుగో వంతు చేసినా ఆ బరువులు మారవు. అవ్వ వెంట్రుక రెండు పిక్సెళ్ల వెడల్పు ఉందనుకో, చూపు నాలుగు పిక్సెళ్లకు ఒకసారి పడుతోంది. ఒక వరుసలో వెంట్రుక మీద పడింది, తర్వాతి వరుసలో పక్కన పడింది. అందుకే చుక్కలు. చీర అంచులోని సన్నని చారలకూ అదే జరిగి వంకర గీతలయ్యాయి.

పిల్లో లైబ్రరీలోని `resize` లో కూడా పేరు లాంజోసే, కానీ పని వేరు. తగ్గించేటప్పుడు అది తన కిటికీని అంత మేర సాగదీసుకుంటుంది. మామూలుగా పక్కకు మూడేసి పిక్సెళ్లు చూసేది, నాలుగో వంతుకు పన్నెండేసి చూస్తుంది. అంటే 24 × 24. అప్పుడు వెంట్రుక ఎక్కడ ఉన్నా దాని వాటా లెక్కలోకి వస్తుంది. తెగదు, కొంచెం పలచబడుతుంది, అంతే.

మరి తిప్పడం కూడా పిల్లోలోనే చేద్దామంటే దాని `rotate` లాంజోస్‌ను ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. బైక్యూబిక్ దాకానే. అటు ఓపెన్‌సీవీలో తగ్గించడానికి `INTER_AREA` ఉంది కదా అని `warpAffine` కు ఇస్తే అది పట్టించుకోదు, లీనియర్ చేసి పెడుతుంది. చెప్పదు కూడా. నేనొకసారి దాంతో అరపూట పోగొట్టుకున్నా.

అందుకే తిప్పడం పూర్తి సైజులో, తగ్గించడం విడిగా:

```python
M = cv2.getRotationMatrix2D((2520, 1915), -7.05, 1.0)
big = cv2.warpAffine(img, M, (3600, 4800),
                     flags=cv2.INTER_CUBIC)
out = Image.fromarray(big).resize((893, 1191), Image.LANCZOS)
```

కుడి కన్ను పైన ఉంది కాబట్టి గడియారం ముల్లు వైపు తిప్పాలి, అందుకే కోణం మైనస్. నీది బ్లాక్ అండ్ వైట్, రంగుల వరుస గొడవ లేదు.

బురుజు స్టూడియో (కర్నూలు):
అంటే రెండుసార్లు మెత్తబడుతుందన్నమాట. నేను వద్దన్నది అదే కదప్పా.

పెన్న ఇసుక (అనంతపురం):
మీరన్నది ఒకే సైజులో మళ్లీ మళ్లీ తిప్పేటప్పుడు నిజమన్నా, నూటికి నూరు పాళ్లు. ఇక్కడ మొదటిసారి పోయేది పూర్తి సైజులోని అతి సన్నని వివరం. నాలుగో వంతుకు తగ్గించినప్పుడు అది ఎటూ ఉండదు. పోయేదాంట్లోంచే పోయింది. లీనియర్‌తో తిప్పితే మాత్రం మిగలాల్సిన దాంట్లోనూ కాస్త కోత పడుతుంది, అందుకే క్యూబిక్ పెట్టమన్నా. తగ్గింపు 0.8, 0.9 ఉన్న చోట మీ మాటే వింటా, ఒక్క దెబ్బతో చేసేస్తా.

బురుజు స్టూడియో (కర్నూలు):
సరే, అయినా ఒక మాట. ఇప్పుడే నా దగ్గరున్న ఫోటోతో రెండు రకాలుగా చేసి చూసినా. మొదటి పద్ధతిలో వచ్చిందే పదునుగా ఉంది. కస్టమరుకు చూపిస్తే అదే తీసుకుంటాడు.

పెన్న ఇసుక (అనంతపురం):
పదునుగా కనపడుతుంది, ఒప్పుకుంటా. కానీ అది ఫోటోలో ఉన్న పదును కాదు. ఒక పరీక్ష చేయండి. అసలు స్కానును రెండు పిక్సెళ్లు పక్కకు జరిపి మళ్లీ అదే పని చేయండి. కొత్త ఫోటోలో అది అర పిక్సెల్ జరుపు, కంటికి తెలియకూడదు. పిల్లోది దాదాపు అలాగే ఉంటుంది. మొదటి పద్ధతిలో చుక్కలన్నీ చోటు మారతాయి, చీర అంచు గీతలు వేరే వైపు వంగుతాయి. నిజంగా ఉన్న వెంట్రుకైతే స్కాను జరిపినంత మాత్రాన రూపం మార్చుకోదు కదా.

కుంకుమరేఖ (కర్నూలు):
రీటచింగ్ చేస్తాను. వెంట్రుకల గురించి అనంతపురం అన్న చెప్పింది నిజమే, కానీ మీరిద్దరూ ముక్కుపుడక సంగతి మర్చిపోయారు. తెల్లగా మెరిసే రాయి, చుట్టూ చామనఛాయ చర్మం. లాంజోస్‌తో తగ్గిస్తే రాయి చుట్టూ సన్నటి నల్ల వలయం వస్తుంది. బొట్టు అంచుకు, కళ్లజోడు ఫ్రేముకు కూడా అంతే, అక్కడ తెల్ల వలయం. ప్రింటులో ముఖానికి ఎవరో పెన్సిల్‌తో గీసినట్టుంటుంది. నేను గింప్‌లో నోహేలో అనే పద్ధతి వాడతా. గింప్ 2.10 నుంచి ఆ పద్ధతుల జాబితాలో లాంజోసే లేదు, నాకేం బెంగ లేదు.

పెన్న ఇసుక (అనంతపురం):
నిజమే అక్కా, అది దాని పుట్టుకలోనే ఉంది. పదును కోసం పక్క పిక్సెళ్లలోంచి కొంత తీసేస్తుంది. ఒకటిన్నర పిక్సెల్ దూరంలో లాంజోస్-3 బరువు −0.135. పిల్లో బైక్యూబిక్‌ది అక్కడ −0.0625, సగం కూడా లేదు. వలయమూ ఆ మేరకే తగ్గుతుంది. తగ్గించేటప్పుడు పిల్లో బైక్యూబిక్ కూడా కిటికీ సాగదీసుకుంటుంది కాబట్టి వెంట్రుకలు తెగవు.

ఏడురోడ్ల కుర్రోడు (కడప):
చేసినా. వెంట్రుకలు నిలబడినాయి! చీర అంచు బూడిద రంగు పట్టీలా వచ్చింది, చారలు కనపడవు, కానీ ఆ వంకర గీతలు లేవు. అక్క చెప్పినట్టే ముక్కుపుడక చుట్టూ వలయం వచ్చింది. అందుకని చివరి లైను మాత్రం మార్చి `Image.BICUBIC` తో ఇంకొకటి తీసినా. రెండూ ఒకే కొలత, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. కింద లాంజోస్‌ది, పైన బైక్యూబిక్‌ది పెట్టి, ముక్కుపుడక, బొట్టు దగ్గర మాత్రం పైది కనపడేట్టు మాస్కు వేసినా. అతుకు కనపడలేదు.

ఒకటి మాత్రం అట్లే ఉంది. అవ్వ జుట్టులో నెరుపు అసలు ఫోటోలో కంటే తక్కువగా కనపడుతోంది. జుట్టు నల్లబడినట్టుంది.

పెన్న ఇసుక (అనంతపురం):
అది గామా. ఫైలులోని అంకెలు వెలుతురుకు నేరుగా సమానం కావు. నలుపు 0, తెలుపు 255 కలిపి సగం తీస్తే 128 వస్తుంది, కానీ నిజంగా సగం వెలుతురు అంటే 188 దగ్గర. నల్ల జుట్టు మధ్య తెల్ల వెంట్రుక సన్నబడేకొద్దీ ఆ తేడా పడుతుంది. అంకెలను ముందు వెలుతురు లెక్కలోకి మార్చి, తగ్గించి, వెనక్కి మార్చు. ఎనిమిది బిట్లలో కాదు, ఫ్లోట్‌లో చేయాలి.

కుంకుమరేఖ (కర్నూలు):
అలా చేస్తే ముక్కుపుడక చుట్టూ నల్ల వలయం ఇంకా ముదురుతుంది. ఒకసారి చేసి వదిలేసినా. నేనైతే తగ్గించినాక జుట్టు వరకే కర్వ్స్‌తో కొంచెం ఎత్తుతా.

పెన్న ఇసుక (అనంతపురం):
కర్వ్స్‌తో ఎత్తితే వెంట్రుకతో పాటు జుట్టు నలుపూ తేలిపోతుంది కదక్కా. జుట్టుకు వెలుతురు లెక్క, ముక్కుపుడకకు మామూలు లెక్క, మధ్యలో మాస్కు.

కుంకుమరేఖ (కర్నూలు):
ఒక్క అవ్వకు మూడు మాస్కులా? ఫ్రేముతో కలిపి వచ్చేదెంతో చెప్పు అన్నా, అప్పుడు మాట్లాడదాం.

ఏడురోడ్ల కుర్రోడు (కడప):
రెండు రకాలూ 4 × 6లో ప్రింటు తీసి ఆయనకే చూపించినా. జుట్టు నల్లగా ఉన్నదే తీసుకున్నాడు. "మా అవ్వకు అప్పుడు అంత నెరవలేదు" అన్నాడు.